ఆఫర్ లెటర్లో తీసేసిన వాక్యం

అట్టపెట్టెల మీద రంగుల బొమ్మలు అచ్చువేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పద్నాలుగేళ్లుగా ఆఫర్ లెటర్లు, జీతం పెంపు లెటర్లు, సంజాయిషీ అడిగే లెటర్లు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి కాబట్టి మెషిన్ల దగ్గరివాళ్లు ఆమెకు లెటరమ్మ అని పేరు పెట్టేశారు. మొదట్లో కాస్త కోపం వచ్చింది గానీ, తర్వాత ఆమే ఫోనెత్తి "లెటరమ్మనే, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

ఆమెకొక పట్టుదల ఉండేది. ఆఫర్ లెటరన్నది చదివినవాడు పక్కవాణ్ని అర్థం అడగకుండా ఉండేలా రాయాలి. ఏ ఉద్యోగం, ఎవరి కింద, ఎక్కడ. జీతంలో ఏ భాగం ఎంత, చేతికొచ్చేది ఎంత. ప్రొబేషన్ ఎన్నాళ్లు, అది ముగిస్తే ఏమవుతుంది. ఏయే షరతులు తీరితే చేరినట్టు. ఈ నాలుగూ తేటగా ఉంటే తక్కినది మర్యాద కోసం రాసే చెత్త, అని భర్త దగ్గర అంటుండేది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. "మా పిల్లల జవాబుపత్రాల కన్నా నీ లెటర్లే నయం, కనీసం దారి తప్పవు" అనేవాడు.

ఆ పట్టుదల ఒక సోమవారం పొద్దున పదిన్నరకు సడలింది.

ప్రింటింగ్ విభాగానికి షిఫ్ట్ సూపర్‌వైజర్ కావాలి. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో ఒకడు అందరికీ నచ్చాడు. వేరే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా స్టోర్‌కీపర్. నలభై దాటలేదు. అడిగినదానికి సూటిగా జవాబిస్తాడు, తెలియకపోతే తెలియదంటాడు. అచ్చు పని కొత్తేగానీ నేర్చుకుంటానన్నాడు. ప్లాంట్ మేనేజర్ అయితే "ఇలాంటివాణ్ని వదిలితే మనకన్నా తెలివితక్కువవాళ్లుండరు" అనేశాడు.

ఆమె లెటరు తయారుచేసి ఆయన బల్ల మీద పెట్టింది. చేరే షరతుల దగ్గర మూడో వాక్యం మీద ఆయన వేలు ఆగింది.

ఆ వాక్యం ఇది: "ఈ పోస్టులో ఉన్నవారు అచ్చయిన కాగితాల రంగులను సరిచూసి సంతకం చేయాలి కనుక, రంగుల గుర్తింపు సహా కంటిపరీక్షలో ఉత్తీర్ణులైతేనే ఈ నియామకం అమలులోకి వస్తుంది; పరీక్ష ఫలితం మీకు లిఖితపూర్వకంగా అందేవరకూ ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా చేయవద్దని కోరుతున్నాము."

"డాక్టరమ్మ పదిహేను రోజులకొకసారి కదా వచ్చేది?" అన్నాడు మేనేజర్. "అదయ్యాక ఫలితం, ఆ తర్వాత రాజీనామా, ఆపైన నెల నోటీసు. రెండు నెలలు! పోయినసారి ఎంచుకున్న ఇద్దరూ ఈ మధ్యలోనే జారిపోలేదా? ఈ వాక్యం తీసేయండి."

"అది లేకపోతే ఎలా సార్?"

"నూటికి ఎంతమందికుంటుందండీ రంగులు కనబడని జబ్బు? ఆ నోటీసు నెలలోనే పరీక్ష చేయించేద్దాం. 'చేరికకు సంబంధించిన ఇతర లాంఛనాలు సంస్థ నియమాల ప్రకారం' అని పెట్టండి. అందులో అన్నీ వస్తాయి."

అన్నీ రావని, నిజానికి అందులో ఏమీ రాదని ఆమెకు తెలుసు. అయినా ఆ పూటకి మూడు పనులు మీద పడి ఉన్నాయి. వాదించే ఓపిక లేకపోయింది. తీసేసింది. చేయి తిరిగింది కదాని, లెటరు ఒక్క పేజీ దాటకూడదని ఆయన ఎప్పుడూ అనేదే కనుక జీతం పట్టిక కూడా తీసేసి "నెలకు నలభై రెండు వేలు" అని ఒకే అంకె పెట్టింది. హోదా దగ్గర "సూపర్‌వైజర్, ప్రొడక్షన్, అప్పగించిన పనులు" అని ముగించింది. లెటరు ఒక పేజీకి వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది.

మర్నాడు స్టోర్‌కీపర్ ఫోన్ చేశాడు.

"మేడం, లెటర్ అందిందండీ. చాలా సంతోషం. ఒక్కమాట అడగనా? ఇక నేను రాజీనామా ఇచ్చేయొచ్చా?"

ఆ క్షణాన ఆమె చేతిలో ఇంకో ఫోను ఉంది, ఎదురుగా ఎవరో సెలవు చీటీ పట్టుకుని నిలబడ్డారు. అది సాకుగా చెల్లదని ఆమె తర్వాత చాలాసార్లు తనకు తానే చెప్పుకుంది. ఎందుకంటే అడిగిన ప్రశ్న స్పష్టంగా వినబడింది. ఒక రెప్పపాటు ఆగింది కూడా. కంటిపరీక్ష సంగతి నోటిదాకా వచ్చింది. అది చెబితే 'మరి లెటర్లో లేదే' అంటాడు, మళ్లీ మేనేజర్ దగ్గరికి పోవాలి.

"లెటర్ వచ్చేసింది కదండీ" అంది. "ఇంకేం ఆలోచన?"

"అంతే కదా! మా ఆవిడ ఒకటే గోల, అడిగి మరీ ఇవ్వమని. ఉంటానండీ."

ఆ నెలలో పరీక్ష చేయించేద్దామన్నది చేయించలేదు. డాక్టరమ్మ ఒక వారం సెలవు పెట్టింది, రెండోసారి వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో తనిఖీ జరుగుతోంది. చేరే రోజే చేయిద్దాంలే అనుకున్నారు.

చేరే రోజు అతను పావుగంట ముందే వచ్చాడు. మడత నలగని లేత నీలం చొక్కా, ప్లాస్టిక్ ఫోల్డరులో వరసగా సర్దిన కాగితాలు. పాత ఫ్యాక్టరీ ఇచ్చిన రిలీవింగ్ లెటరు అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు. "తొమ్మిదేళ్లు మేడం! సాగనంపుతూ గడియారం కూడా ఇచ్చారు. అది మా నాన్నకిచ్చేశాను, ఇక నాకు అక్కడి టైముతో పనేముంది?" అని నవ్వాడు.

డాక్టరమ్మ గది మెట్ల కింద. ఆమే వెంటబెట్టుకుని వెళ్లింది. బరువు, బీపీ అయ్యాక డాక్టరమ్మ ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, చుక్కల మధ్య ఒక అంకె.

"ఏం కనబడుతోంది?"

"పన్నెండు."

"ఇది?"

అతను కాస్త ముందుకు వంగాడు. "ఇరవై ఒకటి."

లెటరమ్మ అతని భుజం మీదుగా చూసింది. ఆమెకు డెబ్బై నాలుగు కనబడుతోంది.

డాక్టరమ్మ మరో పేజీ తిప్పింది. "ఇక్కడ?"

"ఇక్కడేమీ లేదు కదండీ. ఉత్త చుక్కలు." తమాషాగా ఉందన్నట్టు ఇద్దరి వంకా చూశాడు. వాళ్లిద్దరూ నవ్వలేదు. అతని మొహంలో నవ్వు మెల్లగా సర్దుకుంది. "ఏంటి డాక్టరమ్మా? తప్పు చెప్పానా?"

ఎరుపు, ఆకుపచ్చ పోల్చుకోవడంలో కొద్దిపాటి లోపం. పుట్టుకతో వచ్చేది. ఇన్నేళ్లు తెలియకపోవడం వింతేమీ కాదు, స్టోర్‌లో పెట్టెలకు నంబర్లుంటాయి గానీ రంగులతో పనేముంది? రోజువారీ బతుకుకు అడ్డమూ కాదు. అచ్చయిన పెట్టె మీద ఎరుపు పావు వంతు పలచబడిందా లేదా అని చూసి సంతకం పెట్టాల్సినవాడికి మాత్రం అడ్డమే. డాక్టరమ్మ ఇదంతా నెమ్మదిగా చెప్పింది. అతను విన్నాడు. విన్నాక లెటరమ్మ వైపు తిరిగాడు.

"మేడం, ఈ పరీక్ష ఉందని లెటర్లో లేదు కదండీ?"

"లేదు" అంది ఆమె.

అతన్ని రిసెప్షన్‌లో కూర్చోమని చెప్పి మెట్లెక్కింది.

మేనేజర్ గదిలో ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "పాపం. కానీ ఏం చేస్తాం? 'సంస్థ నియమాల ప్రకారం' అని రాశాం కదా. ఆ నియమాలేంటో అతను అడగాల్సింది. అడక్కుండా ఉన్న ఉద్యోగం వదులుకుంటే మనమేం చేస్తాం?"

అతను అడిగాడు. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. ఆ ఫోను సంగతి ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లలో ఇద్దరికే తెలుసు, అందులో ఒకడు కింద రిసెప్షన్‌లో ఫోల్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె తల వంచుకుని "సరే సార్" అంది. నియామకం రద్దు చేస్తున్నట్టు రెండు పంక్తుల లెటరు ఆమే తయారుచేసింది. అందులో మాత్రం ఎక్కడా అస్పష్టత లేదు.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భర్త కనిపెట్టాడు.

"ఎవరినైనా తీసేశారా?"

"తీసేయడానికి చేరనేలేదు." అంతా చెప్పింది. ఫోను దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి ఆగి, అది కూడా చెప్పింది.

ఆయన సర్దిచెబుతాడనుకుంది. నువ్వొక్కదానివేనా, మేనేజర్ లేడా, అంటాడనుకుంది. ఆయన నీళ్లగ్లాసు పక్కన పెట్టి, "మేనేజర్ వాక్యం తీసేయించాడు, సరే. కానీ ఆ మనిషి వాక్యాన్ని వెతుక్కుంటూ నీ దగ్గరికే వచ్చాడు కదే" అన్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

రెండు రోజులు ఆ మాట ఆమెను తినేసింది. మూడో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, దరఖాస్తులో ఉన్న చిరునామా పట్టుకుని వెళ్లింది. మూడంతస్తుల భవనం, రెండో అంతస్తు. తలుపు తీసింది అతని భార్య. మెషిన్ మీద పిల్లల యూనిఫారాలు కుడుతున్నట్టుంది, మెడలో టేపు వేలాడుతోంది. తానెవరో చెప్పగానే ఆవిడ మొహం గట్టిపడింది. అయినా "కూర్చోండి" అంది.

అతను లోపలినుంచి వచ్చాడు. పాత ఫ్యాక్టరీకి వెళ్లొచ్చానన్నాడు. అతని జాగాలో అప్పటికే వేరొకణ్ని వేసుకున్నారు. "కుర్చీ వేసి కాఫీ ఇచ్చారండీ. మనిషిని బయటికి పంపడానికి అంతకంటే మర్యాద ఏముంటుంది?"

"మీరు నన్ను అడిగారు" అంది ఆమె. "రాజీనామా ఇవ్వొచ్చా అని. నాకు పరీక్ష సంగతి తెలుసు. తెలిసే చెప్పలేదు. ముందు రాసిన లెటర్లో ఆ వాక్యం ఉంది. తీసేసింది నేనే."

కుట్టుమెషిన్ దగ్గర కత్తెర పెట్టిన చప్పుడు వినబడింది.

"నేను అడగమన్నానని అడిగాడు మేడం" అంది భార్య. "లేకపోతే అడిగేవాడు కూడా కాదు. అడిగొచ్చి నన్ను చూసి నవ్వాడు, చూశావా నీ భయం అని."

"నేను చేయగలిగింది చేస్తాను" అంది లెటరమ్మ. ఆ మాట ఆమె చెవికే చప్పగా తోచింది.

మర్నాడు ఆమె మేనేజర్‌ని దాటి యజమాని గదికి వెళ్లింది. తెల్లజుట్టు మనిషి, అందరూ పెద్దాయన అంటారు. ఆమె చెప్పినదంతా అడ్డు తగలకుండా విన్నాడు. మేనేజర్‌ని కూడా పిలిపించాడు. ఫోను సంగతి వినగానే మేనేజర్ ఆమె వైపు విసురుగా చూశాడు.

"ఇది నాకు ముందే చెప్పాల్సింది మీరు."

"చెప్పాల్సింది సార్. ఆ రోజే, మీ గదిలోనే."

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "డిస్పాచ్‌లో ఒక జాగా ఖాళీగా ఉంది కదా? అక్కడ రంగులతో పని లేదు. అతనికి ఇష్టమైతే ఇద్దాం. ఈసారి లెటరు ఒక పేజీ కాకపోయినా పర్లేదు."

శుక్రవారం అతను వచ్చాడు. ఆమె లెటరు ప్రింటు తీయలేదు. తన పక్కనే కుర్చీ వేసి, కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. "మీకు ఎక్కడ అనుమానమొస్తే అక్కడ ఆపండి. అక్కడికక్కడే మారుద్దాం."

అతను తొలి పంక్తి నుంచే ఆపాడు. "డిస్పాచ్ అసిస్టెంట్ అంటే లారీకి సరుకెక్కించడం కూడానా?"

కాదు. లోడు లెక్క చూడటం, బిల్లులతో సరిపోల్చడం, డిస్పాచ్ ఇన్‌ఛార్జికి జవాబుదారీ. ఆమె అలాగే రాసింది. "అప్పగించిన పనులు" అన్న మాట కనబడగానే తనే కొట్టేసి, "ఇదే విభాగంలో, ఇదే స్థాయిలో అప్పగించే ఇతర పనులు" అని పెట్టింది.

జీతం దగ్గర పట్టిక వేసింది. మూల వేతనం పద్దెనిమిది వేలు. ఇంటద్దె భత్యం ఏడువేల రెండొందలు. ఇతర భత్యాలు నాలుగువేల ఎనిమిదొందలు. నెలకు మొత్తం ముప్పై వేలు. అందులోంచి ప్రావిడెంట్ ఫండ్ కింద అతని వాటా రెండువేల నూటఅరవై కోత. కంపెనీ అంతే వాటా వేస్తుంది, అయితే అది చేతికి రాదు. ఏడాదికొకసారి బోనస్, అది పనితీరును బట్టి, హామీ కాదు.

"అంటే చేతికి?"

"ఇరవై ఏడువేల ఎనిమిదొందల నలభై. పన్ను పడితే అది కాక."

అతను కాసేపు పట్టికనే చూశాడు. "పాత లెటర్లో నలభై రెండన్నారు కదా. అందులో చేతికెంత వచ్చేది?"

ఆమె తెర వైపే చూస్తూ చెప్పింది. "ముప్పై నాలుగు చిల్లర. కంపెనీ వేసే వాటా, బోనస్ కూడా కలిపి చెప్పిన అంకె అది."

"మేం నలభై రెండే అనుకున్నాం" అన్నాడు. కోపంగా అనలేదు. ఏదో ఒక లెక్క ఇప్పుడే తేలినట్టు అన్నాడు.

ప్రొబేషన్ దగ్గర మళ్లీ ఆపాడు. "ఆరు నెలలు సరే. ఆరు నెలలయ్యాక మీరేమీ చెప్పకుండా ఊరుకుంటే నేను పర్మనెంటా, కాదా?"

పద్నాలుగేళ్లలో ఆమె రాసిన ఎన్నో లెటర్లలో "తృప్తికరంగా ఉంటే ఖాయం చేయబడును" అనే ఉంది. ఎవరూ అడగలేదు, ఆమెకూ తట్టలేదు. ఇన్నేళ్లూ అన్నీ తెలిసిన దానిలా ఎందరి చేతనో సంతకాలు పెట్టించానే అనుకుంది. తర్వాత రాసింది: గడువులోగా లిఖితపూర్వకంగా కారణాలు చూపి ఒకే ఒక్కసారి, గరిష్ఠంగా మూడు నెలలు పొడిగించవచ్చు, గడువు తేదీ నాటికి ఏ లెటరూ ఇవ్వకపోతే ఖాయమైనట్టే. ప్రొబేషన్‌లో ఎవరు మానుకోవాలన్నా పదిహేను రోజుల నోటీసు, ఖాయమయ్యాక నెల. రెండు వైపులా ఒకటే.

చేరే షరతులు ఒక్కొక్కటే రాసింది. ఏ తేదీలోగా ఒప్పుకోవాలి, ఏ తేదీన చేరాలి, ఏ కాగితాలు తేవాలి. వైద్యపరీక్ష అయిపోయింది, ఈ పనికి సరిపోతారని తేలింది, ఇక ఏ పరీక్షా మిగల్లేదు.

అతను మొదటినుంచి చివరిదాకా మరోసారి చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చదివాక కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇప్పుడు బాగా అర్థమైంది మేడం. అందుకే వద్దనుకుంటున్నాను."

ఆమె తలెత్తింది.

"పాత చోట చేతికి ముప్పై ఒకటి వచ్చేది. ఇక్కడ మూడు వేలు తక్కువ. తొమ్మిదేళ్ల పని తర్వాత అసిస్టెంట్‌గా మళ్లీ ఆరు నెలలు పరీక్షలో ఉండాలి. ఇది ఇంత వివరంగా రాయకపోయుంటే నేను సంతకం పెట్టేసేవాణ్నేమో. నాకు వేరే లెటరొకటి కావాలండీ."

"చెప్పండి."

"తొమ్మిదేళ్ల ఉద్యోగం ఎందుకు వదిలావు, కొత్తది ఎందుకు పోయింది అని ప్రతిచోటా అడుగుతారు. నేనేం చెప్పినా కథ అల్లుతున్నాననుకుంటారు. జరిగింది జరిగినట్టు మీ కాగితం మీద రాసివ్వండి."

మేనేజర్ ఒప్పుకోలేదు. "తప్పు మనదేనని మనమే రాసిచ్చుకోవడమా? రేపు కోర్టుకెళ్తే?"

"వెళ్తే వెళ్తాడు సార్. వెళ్లాల్సిన పనే" అంది ఆమె. "మీరు సంతకం పెట్టకండి. నేను పెడతాను."

పెద్దాయన కాగితం చదివి, కంపెనీ ముద్ర వేయమన్నాడు. అందులో ఇలా ఉంది: "ఈ పోస్టుకు రంగుల గుర్తింపు పరీక్ష తప్పనిసరి అన్న విషయం ఆఫర్ లెటర్లో పేర్కొనలేదు. రాజీనామా చేయవచ్చా అని అభ్యర్థి ఫోనులో అడిగినప్పుడు, ఈ లెటరు మీద సంతకం చేసిన వ్యక్తి ఆ విషయం తెలిసీ చెప్పలేదు. నియామకం రద్దు కావడంలో అభ్యర్థి తప్పు ఏమీ లేదు." కింద ఆమె సంతకం.

ఆ సంవత్సరం ఆమెకు జీతం పెరగలేదు, ఫైలులో ఒక మందలింపు చేరింది. మేనేజర్ ఆమెతో పనికి కావలసినంతే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇవేవీ ఆమెను అంతగా బాధించలేదు. తనకు శిక్ష పడితే లోపలి బరువు కొంత తగ్గుతుందనుకుంది, తగ్గలేదు. అతని ఇంట్లో ఆ నెలలు ఎలా గడుస్తున్నాయో తెలియకపోవడమే గుండెల్లో ముల్లులా ఉండేది. ఫోన్ చేసి కనుక్కునే హక్కు తనకు లేదనిపించేది.

రెండున్నర నెలలకు మందుల గిడ్డంగి ఒకదాని నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఫలానా మనిషి మీ లెటరు చూపించాడు, అందులో రాసింది నిజమేనా అని. "ప్రతి అక్షరం నిజం" అంది లెటరమ్మ. "ఇలాంటి లెటరు నేనెప్పుడూ చూడలేదండీ" అని అవతలావిడ ఫోన్ పెట్టేసింది.

చాలాకాలం తర్వాత ఒక సాయంత్రం బస్టాపులో అతని భార్య కనబడింది. చేతిలో గుడ్డల సంచి. మొహం తిప్పుకుంటుందనుకుంది గానీ ఆవిడే దగ్గరికి వచ్చింది.

"మా ఆయనకు ఆ మందుల గిడ్డంగిలో పర్మనెంట్ అయిందండీ. పోయిన వారమే లెటర్ ఇచ్చారు."

"చాలా సంతోషమమ్మా."

"మీరిచ్చిన కాగితం పనికొచ్చిందంటాడు. పనికొచ్చే ఉంటుంది." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "కానీ ఆ రెండున్నర నెలలు ఇంట్లో ఉన్నది నేను. మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు తిట్టుకోవడం లేదు. అంతవరకే మేడం, ఇంకేమీ అనుకోకండి."

"అనుకోను" అంది లెటరమ్మ.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఆవిడ ముందు వరసలో కూర్చుంది. ఈమెకు వెనక చోటు దొరికింది. దిగేదాకా లెటరమ్మ ఆవిడ జడ వైపే చూస్తూ కూర్చుంది.